ఆటోపే ఆపేస్తే డబ్బులు ఆగుతాయి సరే, లోపలున్న 29 జీబీ ఎక్కడికి పోతాది?

ఫోటోలు, మెయిళ్లు దాచుకునే జాగా కోసం గూగుల్‌కు నెలనెలా కట్టే గూగుల్ వన్ ప్లాన్ ఎట్లా తీసేయాలని అడిగితే, "ఆటోపే ఆపేయ్, అదే పోతాది" అని సలహాలిచ్చే వాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది నాకు.

ప్రొద్దుటూరులో మా వదిన మగ్గం వర్క్ చేస్తుంది. ఫోన్ నిండా బ్లౌజుల ఫోటోలు, వీడియోలే. గూగుల్ వన్‌లో 100 జీబీ తీసుకొని నెలకు 130 రూపాయలు కడుతోంది. ఇంక అక్కర్లేదు, ఖాతాతో ఊరికే వచ్చే 15 జీబీ చాలనుకుంది. డబ్బులు కట్ అయ్యే ముందు మెసేజ్ వస్తుంది కదా, అది పట్టుకొని సెల్ షాపుకు పోయింది. ఆయన యూపీఐ యాప్‌లో ఆటోపే మాండేట్ రద్దు చేసి, "అయిపాయ పోక్కా" అని పంపించినాడు.

అయింది డబ్బు పని మాత్రమే. వదిన ఖాతాలో అప్పటికే 29 జీబీ సరుకుంది. ప్లాన్ పోగానే హద్దు 15కు దిగింది. ఉన్న ఫోటోలు వెంటనే పోవు గానీ కొత్తవి ఎక్కవు, వాట్సాప్ బ్యాకప్ ఆగుతుంది, జీమెయిల్‌కు మెయిళ్లు రావు, పోవు. రెండేళ్లు అట్లే హద్దు దాటి ఉంటే ఉన్నవి కూడా తీసేయొచ్చని వాళ్ల నియమాల్లోనే ఉంది.

అసలు దెబ్బ ఇంకొకరికి తగిలింది. ఆ 100 జీబీని వదిన కొడుకుతో ఫ్యామిలీ షేరింగ్‌లో పంచుకుంది. వాడు అనంతపురంలో ఇంజినీరింగ్. వాడి ఖాతాలో 19 జీబీ. అమ్మ ప్లాన్ పోతే వాడూ తన 15కే రావాల. ఆ సంగతి వాడికి ఎవరు చెప్పినారు? ఇంటర్వ్యూ మెయిల్ పంపితే తిరిగొచ్చిందని కాలేజీ వాళ్లు ఫోన్ చేస్తే గానీ తెలియలేదు. ప్లాన్ తీసే ముందు ఎవరెవరు దాంట్లో ఉన్నారో చూడమని ఏ షాపాయనా చెప్పడు.

సరే, ఖాళీ చేద్దామని కూర్చుంటే అక్కడ ఇంకో మెలిక. గూగుల్ ఫోటోస్‌లో "Free up space" అని ఒకటుంటుంది. అది ఖాళీ చేసేది ఫోన్‌ని, ఖాతాని కాదు. బ్యాకప్ అయిన ఫోటోలను ఫోన్‌లోంచి తీసేస్తుంది, అంటే ఉన్న ఒక్క కాపీ పైన, గూగుల్ ఖాతాలోనే మిగులుతుంది. తర్వాత జాగా కోసం పైన కూడా తుడిచినారనుకో, ఇంక ఆ బ్లౌజు డిజైన్ ఎక్కడా లేదు. బ్యాకప్ అయిన ఫోటోను ఫోటోస్ యాప్‌లో డిలీట్ కొడితే ఫోన్‌లోదీ పోతుంది. కాబట్టి ముందు కంప్యూటర్లోకో హార్డ్ డిస్కులోకో కాపీ తీయాల్సిందే. తీసినాక నాలుగు వీడియోలు తెరిచి ఆడతన్నాయో లేదో చూడాల.

ఇంకోటి. 2021 జూన్ 1కి ముందు "హై క్వాలిటీ"లో ఎక్కించిన ఫోటోలు లెక్కలోకే రావు. వదిన పాపం పాత పెళ్లి ఫోటోలన్నీ ఏడ్చుకుంటా తుడవబోయింది. ఆపినాను. అవి వేలకొద్దీ తుడిచినా అంకె కదలదు. కదిలించేది ఆ తర్వాత తీసిన వీడియోలు. one.google.com/storage లోకి పోతే పెద్ద ఫైళ్లు వేరుగా కనపడతాయి. వదిన ఖాతాలో జాగా అంతా అక్కడే ఉంది: మగ్గం మీద సూది కదలడాన్ని నిమిషాల తరబడి తీసిన వీడియోలు. అవి కాపీ చేసుకొని తీసేసి, ట్రాష్ కూడా ఖాళీ చేస్తే అంకె దిగింది. ట్రాష్‌లో ఉన్నంతసేపు అవి జాగా తింటానే ఉంటాయి. వాట్సాప్ బ్యాకప్‌లో వీడియోలు వద్దని పెట్టేసరికి ఇంకొంచెం తగ్గి, 13 దగ్గర ఆగింది.

నన్నడిగితే ఈ పని తలకిందులుగా చేయాల. డబ్బులు కట్ అయ్యే ముందురోజు పరిగెత్తడం కాదు, కట్ అయిన మరుసటి రోజే ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల దగ్గర రద్దు చేసేయండి. కట్టిన నెల అయ్యేదాకా 100 జీబీ మీదే. ఆ నెలంతా తీరిగ్గా ఖాళీ చేసుకోవచ్చు, పిల్లోళ్లకూ ముందే చెప్పొచ్చు. గూగుల్ వన్ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే ప్లాన్ రద్దయిందనుకునే వాళ్లూ ఉన్నారు, కాదు, డబ్బులు కట్ అవుతానే ఉంటాయి.

అందరూ తీసేయాలని కూడా నేననను. ప్రతి నెలా కొత్త వీడియోలు గుట్టగా చేరే వాళ్లు 15లో బతకలేరు, 130 కట్టుకోవడమే నయం. వదిన కూడా పెళ్లిళ్ల సీజన్లో మళ్లీ తీసుకుంటానంటోంది. తీసుకోనీ. ఈసారి కొడుకును మాత్రం ఆ ప్లాన్‌లో కలపొద్దని చెప్పినాను.