పెరిగింది… తగ్గింది… ఆగు!

డిష్ సరిచేయాలంటే ముగ్గురు కావాలి. పైన తిప్పేవాళ్లు ఒకరు, కింద టీవీ చూసి చెప్పేవాళ్లు ఒకరు, మెట్ల మీద నిలబడి ఇద్దరి చేతా తిట్లు తినేవాళ్లు ఒకరు. మా ఇంట్లో మూడో ఉద్యోగం నాకు దక్కింది. డాబా మీద మా బాబాయ్, టీవీ ముందు మా పిన్ని.

రాత్రంతా వీచిన గాలికి తెల్లారేసరికి తెర మీద నో సిగ్నల్ అన్న ముక్క తప్ప మరేం లేదు. పిన్ని ముందు బాక్సు వెనక కేబుల్ బిగువుగా ఉందో లేదో చూసింది. ఉంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి సిగ్నల్ మీటర్ తెరిచింది. రెండు గీతలు కనిపించాయి. స్ట్రెంగ్త్ 72, క్వాలిటీ 0.

పిన్ని చెప్పింది రెండు ముక్కలు. డాబా మీదికి చేరేసరికి బాబాయ్ విన్నది ఒకటే.

“డెబ్భై రెండా? ఫస్ట్ క్లాసే కదా! డిష్‌కేం కాలేదు, బాక్సే పోయింది” అని పైనుంచే తేల్చేశాడు.

ఈ స్ట్రెంగ్త్ గీత ఉందే, అది పెళ్లింటి గుమ్మంలో నిలబడ్డ పెద్దమనిషి లాంటిది. వచ్చినవాళ్లు మనవాళ్లో కాదో చూడదు, అందరికీ ఒకే నమస్కారం. డిష్‌కి ముందు చేయిలా పొడుచుకొచ్చిన కడ్డీ చివర సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ ఉంటుంది కదా, అక్కణ్నుంచి కేబుల్‌లో మొత్తం ఎంత పవర్ దిగుతోందో అంతే లెక్క వేస్తుంది. అందులో ఎల్‌ఎన్‌బీ సొంత రొద ఉండొచ్చు, మనకి అక్కర్లేని ఉపగ్రహం ఉండొచ్చు. డిష్‌ని గోడకేసి తిప్పినా ఎంతో కొంత చూపిస్తూనే ఉంటుంది. క్వాలిటీకి అంత మొహమాటం లేదు. మన బాక్సు అడిగిన సిగ్నల్ శుభ్రంగా అందితే తప్ప సున్నా దగ్గర్నుంచి కదలదు.

ఇదంతా పిన్ని మెట్ల దాకా వచ్చి చెప్పింది. బాబాయ్ ఒప్పుకోలేదు గానీ, స్పానర్ మాత్రం తీశాడు.

అతని మొదటి ఆలోచన పక్కింటి డిష్. “వాళ్లకి టీవీ వస్తోంది కదా, అది ఎటు చూస్తే మనదీ అటే” అని డిష్‌ని నిలబెట్టిన గొట్టం మీది క్లాంపు వదులు చేసి, మన డిష్‌ని దానికి కవలలా తిప్పేశాడు. స్ట్రెంగ్త్ 80కి ఎగబాకింది. క్వాలిటీ 0. పక్కింటివాళ్లది వేరే కంపెనీ కనెక్షన్, దాని ఉపగ్రహం వేరు. ఇవన్నీ భూమధ్యరేఖకి సుమారు 36,000 కిలోమీటర్ల పైన వరసగా ఉంటాయి, ఒకదానికీ ఇంకోదానికీ కొన్ని డిగ్రీలే ఎడం. కంటికి రెండు డిష్‌లూ ఒకే వైపు చూస్తున్నట్టే ఉంటాయి.

రెండో ఆలోచన ఇంకా ప్రమాదకరం. “అసలిది ఆకాశాన్ని చూడాలి గానీ, ఎదురింటి వాటర్ ట్యాంకుని చూస్తోందేంటి?” అంటూ డిష్ వెనక వంపు సరిచేసే బోల్టు మీద స్పానర్ పెట్టాడు.

“ఆ బోల్టు ముట్టుకుంటే ఇవాళ్టికి టీవీ మర్చిపో!” అని పిన్ని అరిచింది. ఈ కేక మాత్రం నా సాయం లేకుండానే పైకి చేరింది.

పిన్ని మాటే నిజం. ఇళ్ల మీదుండే డిష్‌లకి ఎల్‌ఎన్‌బీ నడిమధ్యలో కాకుండా కింది వైపు ఉంటుంది. అందువల్ల డిష్ ముఖం ఎటు ఉన్నట్టు కనిపిస్తుందో, అది నిజంగా చూసేది అంతకంటే ఇరవై డిగ్రీలకి పైగా ఎత్తుకి. గాలి తిప్పింది పక్కకే, వంపు బోల్టు బిగువుగానే ఉంది. గొట్టం కూడా నిటారుగానే ఉంది. అది వంగి ఉంటే కథ వేరే. ఒక్కటే తప్పిన చోట రెండూ కదిపితే వెతకాల్సింది ఒక గీత కాస్తా ఆకాశమంత అవుతుంది.

పక్కకి ఎంత తిరిగిందో గొట్టమే చెప్పింది. క్లాంపు ఇన్నేళ్లుగా పట్టుకున్న చోట పెయింటు కొత్తదానిలా మెరుస్తోంది, దాని అంచున సన్నటి తుప్పు గీత. గాలీ బాబాయ్ కలిసి క్లాంపుని ఆ గీత నుంచి గోరు మందం కంటే కాస్త ఎక్కువే జరిపారు. గీతకి గీత కలిపాడు బాబాయ్. క్వాలిటీ ఇంకా 0. కలిపితే సరిపోతుందనుకుంటాం గానీ, అంత సన్నటి గొట్టం మీద ఒక డిగ్రీ అంటే అర మిల్లీమీటరు కూడా ఉండదు. తుప్పు గీత మనల్ని వీధి దాకా తెస్తుంది, ఇంటి నంబరు చెప్పదు. అదే డిష్ అంచు దగ్గర, 60 సెంటీమీటర్ల డిష్ అయితే, డిగ్రీకి అర సెంటీమీటరు. అందుకే గొట్టం వైపు చూడకుండా అంచు పట్టుకుని జరపాలి.

బాబాయ్ జరిపాడు. ఆటో తిప్పినట్టు తిప్పాడు.

“వచ్చింది!” అంది పిన్ని.

“వచ్చిందట!” అన్నాను నేను.

ఆపాటికి డిష్ దాన్ని దాటి రెండు వేళ్ల దూరం వెళ్లిపోయింది. వెనక్కి తిప్పాడు. మళ్లీ “వచ్చింది”, మళ్లీ “పోయింది”. బాక్సు సిగ్నల్ పట్టుకుని అంకె చూపించడానికి రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది. పిన్ని చదవడానికి ఒకటి, నేను కేక వేయడానికి ఒకటి. ఈ లెక్కన బాబాయ్ చెవిన పడేది ఎప్పుడూ పాత వార్తే. సరైన చోటు అంచు దగ్గర ఒకటిన్నర సెంటీమీటర్ల లోపే ఉంటుంది, తిప్పుతూ పోతే ఇట్టే దాటిపోతాం. వీడియో కాల్ పెట్టి చూశాం గానీ, అది కూడా ఆలస్యంగానే చూపిస్తుంది. పైగా ఎండలో ఫోన్ తెర కనిపించక, బాబాయ్ దాన్ని కూడా తిట్టాడు.

చివరికి పిన్నే పద్ధతి పెట్టింది. చిటికెన వేలి మందంలో సగం జరపాలి, చేయి తీసేయాలి, అయిదు లెక్కపెట్టాలి, అప్పుడే అంకె. అలా కుడి వైపు వెళ్తే క్వాలిటీ 40, 65, 76, మళ్లీ 60, ఆపైన పోయింది. ఆ రెండు చివర్లకీ మధ్యలో ఆపమంది. 78.

ఇక బిగించడమే కదా అనుకుంటాం. ఒక వైపు నట్టు గట్టిగా తిప్పగానే 78 కాస్తా 52 అయింది. నట్టు బిగిసే కొద్దీ క్లాంపు డిష్‌ని తన వైపు లాక్కుంటుంది. వదులు చేసి, ఇటొక పావు చుట్టు, అటొక పావు చుట్టు, మధ్యలో అంకె చూసుకుంటూ వచ్చాడు. ఉన్నట్టుండి 0.

“ఏం చేశావ్?”

“ఏం చేయలేదు, వంగి చూశానంతే!”

వంగినప్పుడు తలకాయ సరిగ్గా డిష్‌కీ ఎల్‌ఎన్‌బీకీ మధ్యకి వచ్చింది. తల తీయగానే 78.

టీవీలో మనుషులు కదిలారు, మాటలు కూడా వినిపించాయి. బాబాయ్ మాత్రం స్పానర్ కింద పెట్టలేదు. “పొద్దున స్ట్రెంగ్త్ ఎనభై దాకా వెళ్లింది, క్వాలిటీ వెళ్లదా? ఇంకో రెండే కదా, ఒక్కసారి వదులు చేసి చూస్తా” అన్నాడు. పిన్ని ఈసారి కేకలు వేయలేదు. డాబా ఎక్కి, అతని చేతిలోంచి స్పానర్ లాక్కుని, కిందికి దిగిపోయింది.