బిడ్డకు జ్వరమొస్తే తల్లికి సర్టిఫికెట్టా?

వానాకాలం వచ్చిందంటే మహారాష్ట్రలోని రాజురా, బల్లార్‌పూర్ వైపు దుకాణాల్లో ఉద్యోగులకు జ్వరాలు ఎక్కువవుతాయి, కాగితం మీద. రజా అర్జీలో "నాకు ఒంట్లో బాగాలేదు" అని రాసిన మనిషి నిక్షేపంగా ఉంటుంది. జ్వరం ఇంట్లో పడుకున్న మూడేళ్ల పిల్లది. "పిల్లకు బాగాలేదంటే సేటు ఒక్కపూట ఇస్తాడు, నాకు బాగాలేదంటే మూడు రోజులిస్తాడు" అని ఒక లెక్కల గుమాస్తా మాతో అన్నది. ఆమెను తప్పుపట్టలేం. కానీ ఆ అబద్ధం ఆమెకే చేటు చేస్తుంది. తానే మంచం పట్టానని రాశాక ఇంటి నుంచి పని చూస్తానని ఏ ముఖంతో రాయగలదు? ఈఎస్ఐ కింద జబ్బు రోజులకు వచ్చే డబ్బు కూడా కార్మికుడి సొంత జబ్బుకే ఇస్తారు. బిడ్డ జ్వరానికి తన పేరున సర్టిఫికెట్ పెట్టి ఆ డబ్బు తీసుకుంటే అది కేసు దాకా పోయే వ్యవహారం.

ఆమె సంగతే తీసుకుందాం. ముప్పై మందికి పైగా పనిచేసే సిమెంటు హోల్‌సేల్ దుకాణం అది. సరుకు లారీల్లో వంతెన దాటి కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ వైపు కూడా పోతుంది. పాపకు 14వ తేదీ ఆదివారం జ్వరం మొదలైంది. సోమవారం ఎన్‌ఎస్1 పరీక్షలో డెంగీ అని తేలింది. "రెండు రోజులు చూసుకుని రా" అన్నారు యజమాని. చెడ్డమనిషేం కాదు. మామూలు జ్వరమైతే ఆ మాట సరిపోయేదే.

డెంగీకి సరిపోదు. అందులో ఒళ్లు కాలిపోయే రోజులకన్నా జ్వరం దిగే రోజులే గండం. మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజులోపు జ్వరం తగ్గుతుంది. ఆ తర్వాత 24 నుంచి 48 గంటలపాటు రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారి, రక్తపోటు పడిపోయే ముప్పు ఉంటుంది. పిల్ల ఒళ్లు చల్లబడింది కదా అని తల్లి డ్యూటీకి బయల్దేరేది సరిగ్గా అప్పుడే. ఆగని వాంతులు, కడుపునొప్పి, ముక్కులోంచో చిగుళ్లలోంచో రక్తం, మూత్రం తగ్గడం, చేతులూ కాళ్లూ చల్లబడి పిల్ల మగతగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి ఎత్తుకుపోవాలి. పక్కింటి ముసలమ్మ ఎంత ప్రేమగా చూసినా, పొద్దుటి నుంచి పిల్ల ఎన్నిసార్లు ఒంటికి పోసిందో లెక్కపెట్టుకునేది తల్లో తండ్రో మాత్రమే. ఆదివారం మొదటి రోజనుకుంటే మూడో రోజు 16, ఏడో రోజు 20. అందుకే ఆమె అడగాల్సింది రెండు రోజులు కాదు, సోమవారం నుంచి శనివారం దాకా ఆరు పనిదినాలు. అర్జీలో "వారం" అని వదిలేయకుండా ఈ లెక్క రాస్తే యజమానికి బేరమాడే సందు ఉండదు.

ఆ ఆరు రోజులు ఎక్కడి నుంచి వస్తాయి? 2017 నాటి మహారాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఏడాదికి ఎనిమిది రోజుల జీతంతో కూడిన క్యాజువల్ లీవు ఉంది. అయితే అది మూడు నెలలకోసారి రెండేసి రోజుల చొప్పున ఖాతాలో పడుతుంది, వాడకపోతే ఏడాది చివర పోతుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. జనవరిలో పిల్లకు జబ్బు చేస్తే చేతిలో ఉండేవి రెండే. ఈమెకు సెప్టెంబరు నాటికి ఆరు పడ్డాయి, నాలుగు వాడుకుంది, రెండు మిగిలాయి. మిగతా నాలుగూ ఆర్జిత సెలవులో కోయించుకోవాలి. కిందటేడు 240 రోజులకు తక్కువ కాకుండా పనిచేసినవారికి ప్రతి ఇరవై పనిదినాలకు ఒక రోజు చొప్పున వస్తుంది. ఆమె 300 రోజులు చేసింది కాబట్టి పదిహేను. ఏ సెలవు ఎన్ని రోజులో అర్జీలోనే రాయాలి. లేకపోతే నెలాఖరున జీతం కోత కనిపించాక వాదన మొదలవుతుంది. నలుగురైదుగురు పనిచేసే చిన్న దుకాణాలకు ఈ చట్టం ఆసరా కాదు, అక్కడ మాట మంచితనమే దిక్కు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల్లో తల్లులకు, ఒంటరి తండ్రులకు మాత్రం సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు వేరే ఉంది.

ఇక ఇలాంటి అర్జీలో రాసే "అర్జంటు పనులు ఇంటి నుంచి చూస్తాను" అనే వాక్యం. అర్జీలో అన్నిటికన్నా ఖరీదైన వాక్యం ఇదే. దాన్ని అట్లాగే వదిలితే ఫోను ఆసుపత్రి వార్డులో కూడా మోగుతూనే ఉంటుంది. ఏది అర్జంటో రాసేవాళ్లే తేల్చాలి. ఈమెకు ఆ వారంలో నిజంగా ఆగని పని ఒక్కటే ఉంది, 20వ తేదీలోపు వేయాల్సిన నెలవారీ జీఎస్టీ రిటర్ను, జీఎస్టీఆర్-3బి. కొనుగోళ్ల వివరాలున్న 2బి పట్టిక 14నే వచ్చేసింది కాబట్టి, ఒక రాత్రి పిల్ల పడుకున్నాక కూర్చుంటే లెక్క తయారవుతుంది. దాఖలుకు కావాల్సిన ఓటీపీ ఎలాగూ యజమాని ఫోనుకే వస్తుంది. తెలంగాణకు పోయే లారీలకు యాభై వేలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు రోజూ కావాలి. అది ఇంటి నుంచి ఆమె చేయాల్సిన పని కాదు. పోర్టల్‌లో సబ్-యూజర్‌గా గోదాము కుర్రాడిని చేర్పిస్తే వాడే తీస్తాడు. తన పాస్‌వర్డు చీటీ మీద రాసిచ్చే అలవాటు మన దగ్గర ఉంది. రేపు ఏ తప్పుడు బిల్లు పుట్టినా సంతకం ఆమెదే అవుతుంది. నగదు లెక్క, బ్యాంకులో జమ అసలు ఇంటి నుంచి కావు. వాటికి ఎవరు పూచీయో పేరు రాయాలి.

ఇవన్నీ కలిపితే అర్జీ పది వరుసలు దాటదు: "నా మూడేళ్ల కూతురికి డెంగీ అని 15న తేలింది, రిపోర్టు జతచేశాను. 20 వరకు దగ్గరుండి చూడాలని డాక్టరు చెప్పారు. 15 నుంచి 20 వరకు ఆరు రోజులు, రెండు క్యాజువల్, నాలుగు ఆర్జిత సెలవు ఇప్పించగలరు. 3బి లెక్క 18 రాత్రికి పంపుతాను. రోజూ సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది వరకు ఫోనులో దొరుకుతాను. పాపను ఆసుపత్రిలో చేర్చితే ఈ వీలు ఉండదు, అప్పుడు లెక్క ఆడిటరు గారి దగ్గర చేయించగలరు." ఆ చివరి వాక్యం రాయడానికి ఆమె జంకింది. రాయక తప్పదని మేమంటాం. పిల్లకు సెలైన్ ఎక్కుతున్నప్పుడు లెక్క పంపలేకపోతే మాట తప్పిన మనిషి అయ్యేది ఆమే.

యజమానులతోనూ ఒక మాట ఉంది. గంట పని ఒప్పుకున్న రోజున నాలుగు గంటలు చేయిస్తే ఆ రోజును సెలవు ఖాతాలో కోయకూడదు. చట్టం దీన్ని ఇంత విడమరిచి చెప్పకపోవచ్చు, కానీ లెక్కలు చూసే దుకాణంలో ఈ లెక్క తెలియనిదెవరికి? అర్జీకి ఆ రోజే, వాట్సాప్‌లోనైనా సరే, "మంజూరు" అని జవాబివ్వాలి.

అన్నట్టు ఆ పాప తండ్రి కూడా అదే బజారులో ఉద్యోగి. క్యాజువల్ లీవుకు ఆడా మగా తేడా లేదు, ఆయన ఖాతాలోనూ మూడు రోజులున్నాయి. ఆయనను అడిగారా అంటే, ఇంట్లో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదంది.