వైశాఖికి సంక్రమణం, గురుపురబ్‌కు తిథి: ఒకే క్యాలెండర్‌లో రెండు లెక్కలెందుకు?

2017లో సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ జయంతి రెండుసార్లు వచ్చింది. జనవరి 5న ఒకసారి, డిసెంబరు 25న మరోసారి. 2018లో అసలు రానేలేదు. అదే సిక్కుల మరో పండుగ వైశాఖి మాత్రం ఆ రెండేళ్ళూ ఏప్రిల్ 13, 14 తేదీలు దాటి కదల్లేదు.

మనకిది కొత్త కాదు. సంక్రాంతి ఏటా జనవరి 14, 15 దగ్గరే ఉంటుంది, ఉగాది మాత్రం మార్చి, ఏప్రిల్ నెలల మధ్య ఊగుతుంది. పంజాబ్‌లో వాడే బిక్రమీ పంచాంగంలోనూ అంతే, రెండు రకాల నెలలు పక్కపక్కనే నడుస్తాయి. సూర్యుడు రాశి మారే రోజుతో మొదలయ్యేది ఒకటి. ఆ రోజును అక్కడ సంగ్రాంద్ అంటారు. చంద్రుడి వృద్ధిక్షయాలతో నడిచేది రెండోది. గురువుల జయంతుల్లాంటి గురుపురబ్‌లు దీని తిథులతోనే వస్తాయి. వైశాఖి అంటే సూర్యుడు మేషంలోకి వచ్చే సంగ్రాంద్. ఆ రోజున చంద్రుడు ఏ కళలో ఉన్నా దానికి పట్టింపు లేదు. పేరు చూసి వైశాఖ మాసం అనుకోవద్దు. మన లెక్కలో అప్పటికి ఇంకా చైత్రమే నడుస్తుంటుంది.

ఈ తేడాకు మతసిద్ధాంతంలో కారణం వెతకడం దండగని నా అభిప్రాయం. కారణం చరిత్రలో ఉంది. మూడో గురువు గురు అమర్‌దాస్ కాలం నుంచే సిక్కులు వైశాఖికి గోయింద్‌వాల్‌లో గురువు దగ్గర చేరేవారని సంప్రదాయం చెబుతుంది. 1699లో గురు గోవింద్ సింగ్ ఆనంద్‌పూర్‌లో దీక్ష తీసుకున్న సిక్కుల సమూహమైన ఖాల్సాను స్థాపించడానికి ఎంచుకున్నది జనం ఎలాగూ కూడే ఆ రోజునే. అంటే పండుగ ముందునుంచే ఉంది, ఘటన దాని దగ్గరికి వచ్చింది. పుట్టుక, మరణం అలా రోజు చూసుకుని రావు. అవి వచ్చిన రోజును ఎవరో రాసిపెట్టాలి. నాటివారు రాసుకునే అలవాటు తిథితోనే. మన ఇళ్ళలో తద్దినాలకు ఇప్పటికీ తిథినే చూసుకుంటున్నాం కదా.

గురు గోవింద్ సింగ్ జననం చూడండి. బిక్రమీ 1723, పోహ్ సుదీ 7. సుదీ అంటే మన శుద్ధం, వదీ అంటే బహుళం. అంటే పుష్య శుద్ధ సప్తమి. అదే రోజు సౌరమానంలో పోహ్ నెల 23వ తేదీ, నాటి జూలియన్ లెక్కలో 1666 డిసెంబరు 22. ఒకే రోజుకు మూడు గుర్తులు. మరుసటి ఏడాదికే అవి విడిపోతాయి, ఎందుకంటే పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే. 2017 జనవరి 5కు 354 రోజులు కలిపితే డిసెంబరు 25 వస్తుంది. అలా ఏటా 11 రోజులు వెనక్కి జరుగుతూ పోతే పండుగ ఋతువు తప్పుతుంది. అందుకే 2018లో అధిక జ్యేష్ఠం పడింది. ఆ నెల కలవడంతో తర్వాతి సప్తమి 384 రోజులకు, 2019 జనవరి 13న వచ్చింది. మధ్యలో 2018 ఖాళీగా మిగిలింది.

తెలుగు పంచాంగంలో గురుపురబ్ వెతికేవారు ఒకచోట పొరపడతారు. పంజాబ్‌లో చాంద్రమాసం పౌర్ణమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. సుదీ తిథులకు ఇబ్బంది లేదు, నెల పేరు కలుస్తుంది. వదీ అయితే మన పంచాంగంలో ఒక నెల ముందు చూడాలి. గురు రామ్‌దాస్ జయంతి కత్తక్ వదీ 2 అంటే మనకు ఆశ్వయుజ బహుళ విదియ. కార్తీక బహుళంలో వెతికితే నెల రోజులు ఆలస్యమవుతుంది.

అసలు చిక్కు రెండు లెక్కలు ఎదురుపడినప్పుడు. గురు గోవింద్ సింగ్ చిన్న కుమారులు జోరావర్ సింగ్, ఫతే సింగ్‌ల బలిదానాన్ని సౌరమానం ప్రకారం పోహ్ 13న స్మరిస్తారు. అందువల్ల ఫతేగఢ్ సాహిబ్ జోడ్ మేళా ఏటా డిసెంబరు చివరి వారంలోనే జరుగుతుంది. తండ్రి జయంతి తిథితో కదులుతుంది కాబట్టి 2017లోనూ, 2025లో డిసెంబరు 27నా సరిగ్గా ఆ సంతాప దినాల్లో వచ్చి పడింది. తిథి ఒక్కటే ఉన్నా, సౌరతేదీ ఒక్కటే ఉన్నా ఈ రెండు రోజుల మధ్య దూరం ఏటా దాదాపు ఒకేలా ఉండేది. రెండూ కలిపి వాడటం వల్లే ఇవి ఢీకొంటున్నాయి.

పాల్ సింగ్ పురేవాల్ రూపొందించి, 2003లో అమలైన సిక్కుల సొంత క్యాలెండర్ నానక్‌షాహీ ఈ ముడిని విప్పింది. జయంతిని పోహ్ 23కు, అంటే జనవరి 5కు కట్టేసింది. వైశాఖిని కూడా ఏప్రిల్ 14కు బిగించింది. సూర్యుణ్ణి అనుసరించే పండుగకు ఆ అవసరమేమిటనిపించవచ్చు. బిక్రమీ సంవత్సరం నక్షత్రాల ఆధారంగా లెక్కించేది, ఋతువుల ఏడాదికన్నా ఇరవై నిమిషాలకు పైగా పొడవు. అరవై డెబ్భై ఏళ్ళకు ఒక రోజు తేడా వస్తుంది. 1699 వైశాఖిని నేటి గ్రెగోరియన్ లెక్కలోకి మారిస్తే ఏప్రిల్ 8, 9 ప్రాంతంలో పడుతుంది. సూర్యుడిదే అయినా ఈ లెక్కా జారుతోంది, కాకపోతే ఒక మనిషి జీవితకాలంలో కంటికి కనిపించదు.

2010లో చేసిన సవరణలతో నెలల ఆరంభాలు తిరిగి బిక్రమీ సంగ్రాంద్‌లకు, కొన్ని గురుపురబ్‌లు తిథులకు వెళ్ళిపోయాయి. ఆ వెనకడుగుతోనే పాత చిక్కు తిరిగొచ్చిందంటాను. అయితే 2003 క్యాలెండర్ కూడా మూడింటిని చంద్రుడికే వదిలేసింది: గురు నానక్ జయంతి, హోలా మొహల్లా, బందీ ఛోడ్ దివస్. చివరి రెండూ హోలీ, దీపావళి వెంట నడిచేవి. గురు నానక్ జయంతి జరిగే కత్తక్ పౌర్ణమిని జనం ఆకాశంలోనే చూసుకుంటారు, దానికి తేదీ అంటిస్తే వెన్నెల లేని రాత్రి కూడా జయంతి జరపాల్సి వచ్చేది.