80 లక్షల ఫ్లాట్‌కి చేతిలో ఎంత డబ్బు ఉండాలి?

ఈ మధ్య మా పిన్ని కొడుకు, మరదలు హైదరాబాద్ నిజాంపేట వైపు ఒక పాత ఫ్లాట్ చూసుకున్నారు. రెండు బెడ్‌రూములు, ధర 80 లక్షలు. ఎనిమిదేళ్లుగా దాచుకున్న డబ్బు 28 లక్షలు ఉంది. వాళ్ల లెక్క చాలా తేలిక. బ్యాంకు 80 శాతం ఇస్తుంది, అంటే 64 లక్షలు. మనం పెట్టేది 16. ఇంకా 12 లక్షలు మిగులుతాయి కాబట్టి రిజిస్ట్రేషన్, ఇంటీరియర్స్ అన్నీ అందులోనే అయిపోతాయి. బయానా ఇచ్చే ముందు రోజు రాత్రి ముగ్గురం కూర్చుని ఒక షీట్ వేశాం. ఆ షీట్ పూర్తయ్యేసరికి దాదాపు 10 లక్షలు తక్కువ పడ్డాయి.

వాళ్లు లెక్కలు రానివాళ్లు కాదు. ఇల్లు కొనే చాలామంది లాగే ధరతో మొదలుపెట్టి, ఈఎంఐ కట్టగలమా అని చూసుకుని ఆగిపోయారు. ఈఎంఐ వచ్చే జీతంలోంచి కడతాం. మిగతా ఖర్చులకు మాత్రం ఇప్పటికే దాచుకున్న డబ్బు కావాలి. వీటిలో చాలావాటికి గృహరుణం ఒక్క రూపాయి కూడా రాదు. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్, డాక్యుమెంట్ ఖర్చులను ఇంటి ధరలో కలిపి అప్పు లెక్క కట్టకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. 10 లక్షల లోపు ఇళ్లకే మినహాయింపు. అందుకే మేం వేసిన షీట్‌లో ఖర్చు పేరు, మొత్తంతో పాటు ఇంకో మూడు గడులు పెట్టాం. ఎప్పుడు కట్టాలి? బ్యాంకు కడుతుందా, మనమా? ఈ అంకె కాగితం మీద ఎవరైనా రాసిచ్చిందా, నోటిమాటా, మన ఊహా?

మొదటి వరసలోనే దెబ్బ తగిలింది. బ్యాంకు 80 శాతం ఇచ్చేది మనం మాట్లాడుకున్న ధర మీద కాదు. బ్యాంకు పంపే వాల్యుయర్ వచ్చి చూసి ఒక విలువ వేస్తాడు. ఆ విలువ, అగ్రిమెంట్ ధర, రెండింటిలో ఏది తక్కువైతే దాని మీదే అప్పు. పాత ఫ్లాట్లకు బిల్డింగ్ వయసు చూసి విలువ తగ్గించడం మామూలే. అదే సొసైటీలో ఇదే సైజు ఫ్లాట్‌కి వాల్యుయర్ 76 లక్షలు వేశాడని అక్కడ కొన్న వాళ్లు చెప్పారు. మేమూ అదే వేసుకున్నాం. 76లో 80 శాతం అంటే 60 లక్షల 80 వేలు. మన వాటా 16 నుంచి 19 లక్షల 20 వేలకు పెరిగింది. ధర మారలేదు, ఫ్లాట్ మారలేదు, చేతి డబ్బులో మాత్రం 3 లక్షల 20 వేలు అదనంగా పోయాయి. అందుకే ఇంకా వాల్యుయేషన్ కాని ఇంటికి మార్జిన్, అంటే మనం పెట్టుకునే వాటా, 20 శాతం అని రాసుకోవడం ప్రమాదం. 24, 25 శాతం వేసుకుంటే మంచిది. అప్పు 75 లక్షలు దాటితే నిబంధన ప్రకారమే బ్యాంకు ఇచ్చేది 75 శాతానికి మించదు, కాబట్టి పెద్ద ఇళ్లు చూసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

తర్వాత రిజిస్ట్రేషన్. తెలంగాణలో ఇప్పుడున్న రేట్ల ప్రకారం స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 5, 1.5, 1 కలిపి అదే 7.5. ఇది ప్రభుత్వ మార్కెట్ విలువ, డాక్యుమెంట్‌లో రాసిన ధర, రెండింటిలో ఎక్కువ ఉన్నదాని మీద పడుతుంది. అంటే బ్యాంకు తక్కువది చూస్తుంది, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎక్కువది చూస్తుంది. రెండు చోట్లా భారం పడేది కొనేవాడి మీదే. 80 లక్షలకు సరిగ్గా 6 లక్షలు. రికార్డుల్లో ఓనరు పేరు మార్చే మ్యుటేషన్, డాక్యుమెంట్ రైటర్, చిల్లర చార్జీలకు ఇంకో 20 వేలు వేశాం.

ఇక్కడే బ్రోకర్ ఒక సలహా ఇచ్చాడు. "గవర్నమెంట్ వాల్యూ 55 ఉంది సార్, దానికే రిజిస్ట్రేషన్ చేయిద్దాం, దాదాపు 2 లక్షలు మిగులుతాయి." తమ్ముడికి ఆశ పుట్టింది. అదే షీట్‌లో ఆ అంకె మార్చి చూశాం. స్టాంప్ డ్యూటీలో 1 లక్షా 87 వేలు మిగిలిన మాట నిజమే. కానీ డాక్యుమెంట్‌లో 55 అని ఉంటే అప్పు 44 లక్షలకు పడిపోతుంది. సొంతంగా 36 లక్షలు తేవాలి, అందులో 25 లక్షలు నగదుగా చేతులు మారాలి. ఇళ్లు, స్థలాల లావాదేవీల్లో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నంత మొత్తం జరిమానా పడే అవకాశం ఉంది. రేపు మీరే అమ్మినప్పుడు కొన్న ధర 55 అనే చూపించాలి, లేని లాభానికి పన్ను కట్టాలి. ఈ సలహా ఎవరిచ్చినా వినొద్దని గట్టిగా చెబుతున్నాను.

బ్రోకరేజ్ మన వైపు 1 శాతం, 80 వేలు. కొన్నిచోట్ల 2 శాతం అడుగుతారు. జీఎస్టీ ఉన్న సంస్థ అయితే దాని మీద 18 శాతం కలుస్తుంది. ఫ్లాట్ చూడ్డానికి వెళ్లే ముందే అడిగి, వాట్సాప్‌లోనైనా రాయించుకోవాలి. సొంత లాయర్‌తో లీగల్ ఒపీనియన్‌కి 15 వేలు. బ్యాంకు తరఫు లాయర్ చూస్తాడు కదా అని దీన్ని కొట్టేయకండి. అతను చూసేది బ్యాంకు డబ్బు క్షేమాన్ని. ఇక ప్రాసెసింగ్ ఫీజు, వాల్యుయేషన్, ఒరిజినల్ పత్రాలు తాకట్టు పెట్టేటప్పుడు చేసే డిపాజిట్ డాక్యుమెంట్ ఖర్చు కలిపి బ్యాంకు వాళ్లు చెప్పింది 60 వేలు.

ఇక్కడ గీత గీసి కూడాం. 26 లక్షల 95 వేలు. తాళం చేతికి వచ్చిన రోజున 28 లక్షల్లో మిగిలేది లక్షా 5 వేలు. ఇంకా ఇంట్లో ఒక్క మేకు కొట్టలేదు.

టీడీఎస్ గురించి ఒక మాట. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సింది కొనేవాడే. అది అమ్మేవాడికి ఇచ్చే డబ్బులోంచే పోతుంది కాబట్టి అదనపు ఖర్చు కాదు, కానీ మర్చిపోతే వడ్డీతో సహా మన మీదే పడుతుంది. అమ్మేవాళ్లు అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటే సంగతి వేరు. ఎన్ఆర్ఐ అయితే పట్టుకోవాల్సిన పన్ను చాలా ఎక్కువ, పద్ధతి కూడా వేరు. హైదరాబాద్‌లో అద్దెకిచ్చి విదేశాల్లో ఉండేవాళ్ల ఫ్లాట్లు తక్కువేమీ కాదు. బయానాకి ముందే ఆ ప్రశ్న అడిగి, ఆడిటర్‌ని కలవాలి.

ఇంటీరియర్స్ దగ్గర వాళ్ల దగ్గరున్న అంకె 5 లక్షల లోపు. కొటేషన్ తెప్పించి చూస్తే 4 లక్షల 70 వేలు, నిజంగానే బాగుంది. కానీ ఆ కాగితంలో ఉన్నది చెక్కపని మాత్రమే, కిచెన్ క్యాబినెట్లు, రెండు వార్డ్‌రోబ్‌లు. లేనివి ఏమిటని లైను లైనూ చదివితే బయటపడ్డాయి. పాత బాత్‌రూముల్లో పైపులు మార్చి టైల్స్ వేయడానికి లక్షన్నర, పెయింటింగ్ 80 వేలు, వైరింగ్ మార్పులు, ఫ్యాన్లు, లైట్లు 80 వేలు, గీజర్లు, చిమ్నీ 60 వేలు, దోమతెరలు, గ్రిల్స్ 40 వేలు, కర్టెన్లు 30 వేలు. అన్నీ కలిపితే 9 లక్షల 10 వేలు. ఇంటీరియర్ వాళ్లు మోసం చేశారని కాదు, వాళ్లు అడిగినదానికి ధర చెప్పారు. మనం అడగాల్సింది "ఈ ధరలో ఏమేం రావు?" అని. సింక్, కుళాయి, గ్రానైట్, హ్యాండిళ్లు, జీఎస్టీ, చివర్లో క్లీనింగ్, ఇవన్నీ ఉన్నాయా లేదా అని రాయించుకోవాలి. చదరపు అడుగు రేటు చెబితే ఏ ప్లైవుడ్‌కి అని అడగాలి. కిచెన్‌లో నీళ్లు తగిలే చోట మామూలు ప్లై వేస్తే కొన్నాళ్లకే ఉబ్బిపోతుంది.

షీట్లలో దాదాపు ఎప్పుడూ కనపడని వరస ఇంకోటి ఉంది. రిజిస్ట్రేషన్ అయిన నెల నుంచి ఈఎంఐ మొదలవుతుంది. 60 లక్షల 80 వేలకు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే నెలకు సుమారు 52,800. ఇల్లు తయారయ్యే దాకా అద్దె కూడా కడుతూనే ఉండాలి. పని రెండు నెలలంటే మూడు నెలలని రాసుకోవాలి. ఈలోపు ఆషాఢమో మూఢమో వస్తే ముహూర్తం లేదని పెద్దవాళ్లు ఆగమంటారు, ఇంకో నెల అద్దె. అందుకే పని మొదలుపెట్టే ముందే పంచాంగం చూసుకోమన్నాను. మూడు నెలల అద్దె 75 వేలు, రెండు చోట్లా ఉండే మెయింటెనెన్స్ 12 వేలు, ప్యాకర్స్, ఏసీ విప్పి బిగించడం 33 వేలు, గృహప్రవేశానికి పురోహితుడు, భోజనాలు, బట్టలు 60 వేలు. అన్నీ కలిపి లక్షా 80 వేలు. పాలు పొంగించడం మాత్రమే అనుకున్నా ఆడపడుచులకు బట్టలు పెట్టకుండా ఉండరు. దాన్ని షీట్‌లో రాయడానికి మొహమాటపడితే అది క్రెడిట్ కార్డు మీద తేలుతుంది.

మొత్తం 37 లక్షల 85 వేలు. ఉన్నది 28. మిగతాది పర్సనల్ లోన్ తీసుకుందామా అన్నాడు తమ్ముడు. 52 వేల ఈఎంఐ, 25 వేల అద్దె కడుతున్న నెలల్లోనే మూడో వాయిదా మొదలవుతుంది. ఎవరికైనా ఊపిరాడదు.

అప్పుడు షీట్‌ను కింది నుంచి పైకి చదివాం. 28లోంచి ముందు రెండున్నర లక్షలు ఆస్పత్రికి, ఉద్యోగానికి ఏదైనా అయితే అని పక్కన పెట్టాం, దాన్ని ముట్టుకోకూడదు. లక్షా 80 వేలు మారడానికి. ఇంట్లో చేరాక చేయించలేని పనులకు, అంటే బాత్‌రూములు, వైరింగ్, పెయింట్, కిచెన్, దోమతెరలకు 6 లక్షలు. వార్డ్‌రోబ్‌లు ఏడాది తర్వాత చేయించుకోవచ్చు, ఇప్పుడున్న బీరువాలు చాలు. మిగిలింది 17 లక్షల 70 వేలు. మార్జిన్, రిజిస్ట్రేషన్, బ్రోకరేజ్, బ్యాంకు ఖర్చులు కలిపి ఇంటి ధరలో దాదాపు 30 శాతం అవుతున్నాయి. వాల్యుయేషన్ తక్కువ వస్తే 34 శాతం దాకా. ఆ లెక్కన 17 లక్షల 70 వేలతో కొనగలిగే ఇల్లు 52 నుంచి 59 లక్షల మధ్య.

ఇదంతా పాత ఫ్లాట్ లెక్క. కడుతున్న ప్రాజెక్టులో అయితే బాత్‌రూము మరమ్మతులు ఉండవు కానీ 5 శాతం జీఎస్టీ, సొసైటీ నిధికి ఒకేసారి కట్టే కార్పస్ ఫండ్, పార్కింగ్, ముందస్తు మెయింటెనెన్స్ వస్తాయి, అద్దె కట్టే కాలం ఏళ్లకు పెరుగుతుంది. పాత ఫ్లాట్‌లో మాత్రం పాత ఓనరు బకాయి పెట్టిన ఆస్తిపన్ను, కరెంటు, సొసైటీ డబ్బులు ఏమీ లేవని అసోసియేషన్ నుంచి కాగితం తీసుకోవడం ఆ షీట్‌లో చివరి వరస.

మర్నాడు వాళ్లు బయానా ఇవ్వలేదు. మరదలు రెండు రోజులు బాధపడింది, ఆ బాల్కనీ ఆమెకు బాగా నచ్చింది. ఇప్పుడు బాచుపల్లి దాటాక 56 లక్షల్లో ఒకటి చూస్తున్నారు. ఓనరుతో మాట్లాడే ముందే ఆ బిల్డింగ్‌లో ఇంతకుముందు అప్పు తీసుకున్నవాళ్లకు వాల్యుయర్ ఎంత వేశాడో కనుక్కుని, ఆ అంకెను షీట్‌లో మొదటి గడిలో రాశారు.