ఆఫర్ వెనక్కి పోయాక రాయదగిన ఉత్తరం

ఉద్యోగపు ఆఫర్ ఇచ్చేటప్పుడు పేజీల కొద్దీ పీడీఎఫ్, లెటర్‌హెడ్, సంతకాలు. వెనక్కి తీసుకునేటప్పుడు మాత్రం రెండు నిమిషాల ఫోను. ఇది కాగితం మీద ప్రేమే తప్ప మరొకటి కాదని మనం సహృదయంతో గ్రహించాలి. ఆ ఫోనులో రిక్రూటర్ గారు "బిజినెస్ కారణాల వల్ల" అనే మంత్రం చదువుతారు. మంత్రానికి అర్థం మాత్రం చెప్పరు.

మనం మర్యాదస్తులం కాబట్టి వేళ్లు వాటంతటవే టైపు చేసే జవాబు: "పర్లేదండీ, అర్థం చేసుకోగలను." ఈ "పర్లేదు" చాలా ఖరీదైన మాట. రేపు నష్టపరిహారం ఊసెత్తితే, తమరే ఒప్పుకున్నారుగా అని చూపడానికి వాళ్ల ఫైల్లో అది పదిలంగా ఉంటుంది.

కాబట్టి ముందు ఆఫర్ లెటర్‌నీ, మీ అంగీకారాన్నీ సొంత కంప్యూటర్లోకి దించుకోండి. పోర్టల్ లింకులకు ఆయుష్షు తక్కువ. తర్వాత ఆఫర్ మీద సంతకం చేసినవారికి, రిక్రూటర్‌కి కాపీ పెట్టి, అదే రోజు ఇలా రాయండి:

"3న మీరిచ్చిన ఆఫర్‌ను 5న అంగీకరించాను. దాన్ని నమ్ముకుని 6న ప్రస్తుత ఉద్యోగానికి రాజీనామా చేశాను. నా చివరి పనిదినం 30. ఈ రోజు, 20న, ఆఫర్ వెనక్కి తీసుకున్నట్టు ఫోనులో చెప్పారు. అది రద్దయిందా, వాయిదా పడిందా, కారణమేమిటి, నాకు కలిగే నష్టానికి కంపెనీ ఏం చేయదలచింది అన్నవి 24లోగా రాతపూర్వకంగా తెలపగలరు."

ఇందులో కోపం లేదు, కన్నీళ్లు లేవు, తేదీలే ఉన్నాయి. బరువంతా "దాన్ని నమ్ముకుని" అన్న చోట ఉంది. ఉద్యోగిని ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చనే చట్టాలున్న చోట్ల కూడా, మాట నమ్మి నష్టపోయినవాడి వాదన కొన్నిసార్లు నిలుస్తుంది. రాజీనామా తేదీ ఆఫర్ తేదీ కంటే ముందుంటే మాత్రం ఆ వాదన నిలవడం కష్టం. అలాగే ఆఫర్లో "బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తయితేనే" అని ఉంటే, చెక్ ఎక్కడ తప్పిందో అడగండి. కారణం బిజినెస్ అని వాళ్లే చెప్పేశారంటే ఆ షరతు వెనక దాక్కోవడం కష్టం.

ఉత్తరం పంపిన గంటలోపే పాత మేనేజరుకు రాజీనామా వెనక్కి తీసుకుంటానని రాయండి. మీ కుర్చీకి మరొకరు కుదరకముందే ఆ మెయిల్ చేరాలి. చాలా చోట్ల ఒప్పుకోవడం ఆయన దయ. ఒప్పుకోకపోయినా, నష్టం తగ్గించుకోవడానికి ప్రయత్నించారన్న రుజువు మిగులుతుంది.

బయటి ఏజెన్సీ రిక్రూటర్ దుఃఖం మాత్రం నిజమైనదే. చాలా చోట్ల మీరు చేరితేనే ఆయనకు కమిషన్. వేరే ఖాళీల గురించి ఆయన్ను విడిగా, మరో మెయిల్లో అడగండి. ఫిర్యాదునూ అభ్యర్థననూ ఒకే ఉత్తరంలో కలిపితే రెండోదానికే జవాబొస్తుంది.

ఇక కంపెనీ నుంచి జవాబు ఇలా వస్తుంది: "ఒకసారి కాల్‌లో మాట్లాడుకుందామా?" తప్పక మాట్లాడండి. ఫోను పెట్టేసిన పది నిమిషాల్లో "ఇప్పుడు మీరు చెప్పింది నాకు ఇలా అర్థమైంది, పొరపాటుంటే సరిదిద్దండి" అని మెయిల్ పెట్టండి.