లైన్ ఫొటో చూసి టైమ్ చెప్పాలంటే

యూరియాకు కటకట వచ్చిందంటే నర్సంపేట, పర్వతగిరి వైపు ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సొసైటీ ముందు లైన్ ఫొటోలు తిరుగుతుంటాయి. ఇప్పుడు బయలుదేరితే బస్తా ఎప్పటికి చేతికొస్తుందన్నదే అందరి టెన్షన్. లెక్క తేలికే: లైన్లో ఉన్నవాళ్లను ఒక్కొక్కరికి పట్టే నిమిషాలతో గుణించి, కౌంటర్ల సంఖ్యతో భాగించాలి. అయితే ఈ మూడు అంకెల్లో ఏదీ ఫొటోలో నేరుగా కనిపించదు.

ఉదాహరణకు ఒక ఫొటోలో 84 తలలు, 3 టేబుళ్లు ఉన్నాయనుకుందాం. మనిషికి 2 నిమిషాల చొప్పున 168 నిమిషాలు, మూడుతో భాగిస్తే 56. గంటలోపే పని అయిపోతుందని ఆటో ఎక్కేస్తాం. ఇక్కడే మోసపోతాం.

ఆ మూడు టేబుళ్లు మూడు కౌంటర్లు కావు. మొదటి దాని మీద ఆధార్ చూసి వేలిముద్ర తీసుకునే పాస్ మిషన్, రెండో చోట డబ్బులు కట్టడం, మూడో చోట గోదాం చిట్టీ. ప్రతి రైతూ మూడింటినీ దాటాలి. అలాంటప్పుడు అన్నింటికంటే నెమ్మదిగా నడిచే టేబులే మొత్తం లైన్ వేగాన్ని నిర్ణయిస్తుంది. అది దాదాపు ఎప్పుడూ పాస్ మిషనే. కాబట్టి భాగించాల్సింది మూడుతో కాదు, ఒకటితో.

నిమిషాలూ అంతే. వేలిముద్ర పడితే 2 నిమిషాలు. కలుపు తీసి, నాట్లేసి అరిగిపోయిన వేళ్లకు అది పడక మళ్లీ మళ్లీ పెట్టాల్సి వస్తే 5 నిమిషాలు. ఐదుగురిలో ఒకరికి అలా అవుతుందనుకుంటే సగటు 2.6 నిమిషాలు. నెట్ పోతే ఇంకా ఎక్కువ. అందుకే ఊహించడం కంటే, అక్కడున్న వాళ్లను పది నిమిషాల్లో ఎంతమంది బయటికొచ్చారో చూసి చెప్పమనడం మంచిది.

ఇక తలల సంగతి. తెల్లవారుజామున వచ్చిన పెద్దవాళ్లు చెప్పులో, పాస్‌బుక్ జిరాక్సో లైన్లో పెట్టి చెట్టు నీడకు పోతారు. ప్రతి చెప్పుల జత ఒక మనిషే. అలాంటివి 30 ఉంటే లైన్ 84 కాదు, 114. ఇప్పుడు 114ను 2.6తో గుణిస్తే 296 నిమిషాలు, అంటే దాదాపు ఐదు గంటలు.

ఇంతా చేస్తే ఒక ప్రశ్న మిగులుతుంది: గోదాంలో ఎన్ని బస్తాలున్నాయి? 220 ఉండి, మనిషికి రెండు చొప్పున ఇస్తే 110 మందికే సరిపోతాయి. ఫొటో చూసి బయలుదేరిన మన ముందే 114 మంది. ఐదు గంటలు నిలబడినా బస్తా రాదు.

సొసైటీ గేటుకు రెండు అంకెలు రాసిపెడితే చాలు: ఉన్న బస్తాలు, గత అరగంటలో తీసుకున్న మనుషులు. గంట గంటకూ సుద్దముక్కతో మార్చొచ్చు. అప్పుడు ఆ బోర్డు కూడా పడేలా ఫొటో తీయమని గ్రూపులో అడుగుదాం.