మూసిన తలుపు వెనక మీ పేరెత్తేదెవరు?

జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీ ఉందనుకుందాం. మార్చిలో ప్లాంట్ హెడ్ గదిలో ప్రమోషన్ల జాబితా తేలుతుంది. పన్నెండు పేర్లు, మూడు ఖాళీలు. క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఆరేళ్లుగా చేస్తున్న కెమిస్ట్ పేరు రాగానే "ఈమె పని ఎవరైనా చూశారా?" అని అడుగుతారు. ఎవరూ మాట్లాడకపోతే పేరు వచ్చే ఏడాదికి పోతుంది.

ఆమెకు మెంటర్ లేక కాదు. మందును పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద చేయి పట్టి నేర్పిన సీనియర్ ఉన్నారు. కానీ ఆ గదిలో ఆయనకు కుర్చీ లేదు. మెంటర్ మీతో మాట్లాడతారు, స్పాన్సర్ మీ గురించి ఇతరులతో మాట్లాడతారు. మొదటివారు ఖర్చుపెట్టేది సమయం. రెండోవారు తమ మాట విలువను పణంగా పెడతారు. మీరు తేలిపోతే వచ్చే ఏడాది వారు చెప్పే పేరును ఎవరూ పట్టించుకోరు. అందుకే సలహా సులభంగా దొరుకుతుంది, సిఫారసు దొరకదు.

మన దగ్గర దీన్ని పైరవీ అనుకునేవాళ్లు చాలామంది. పైరవీకి పని చూడాల్సిన అవసరం లేదు, చుట్టరికం చాలు. స్పాన్సర్‌కు తన కళ్లతో చూసిన పని కావాలి.

మరి ఆ కెమిస్ట్ ఏం చేయాలి? గదిలో కూర్చునేవారిలో తన పని తగిలేదెవరికో చూడాలి. ఇక్కడ ప్రొడక్షన్ హెడ్. ఆయన తలనొప్పి నెలాఖరు: మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందో చూసే స్టెబిలిటీ శాంపిళ్లు, మామూలు బ్యాచ్ శాంపిళ్లు ఒకేసారి ల్యాబ్ మీద పడి, బ్యాచ్‌లు విడుదల కాక గోదాములో నిలిచిపోతాయి. గడువుల్లో వెసులుబాటున్న స్టెబిలిటీ పరీక్షలను నెల మొదటి రెండు వారాల్లోకి తెచ్చే పట్టిక ఆమె వేసి, తన మేనేజర్‌తో ఒప్పించి, మూడు నెలలు నడిపిస్తే ఆయనకు తేడా కనపడుతుంది. మేనేజర్‌ను దాటి వెళ్లిందంటే మాత్రం అదే గదిలో మొదటి అడ్డుపుల్ల ఆయనే వేస్తారు.

తర్వాత నోరు తెరిచి అడగాలి. మనవాళ్లు తప్పేది ఇక్కడే, "పని చూస్తే వాళ్లకే తెలుస్తది" అనుకుంటారు. జాబితా మార్చిలో తేలుతుంది కాబట్టి డిసెంబరులోనే, "సార్, అసిస్టెంట్ మేనేజర్ పోస్టుకు నా పేరు వస్తే మీరు మాట్లాడగలరా? అనుమానం ఉంటే ఎక్కడో చెప్పండి" అనాలి. ఆయన "జట్టును నడిపిన అనుభవం లేదు కదా" అంటే అది తిరస్కారం కాదు, గదిలో రాబోయే అభ్యంతరం ముందే చేతికొచ్చింది. ఒక షిఫ్ట్ బాధ్యత అడిగి తీసుకోవడానికి ఇంకా మూడు నెలలుంది. ఆయన అక్కడ చెప్పగలిగేది రెండు వాక్యాలే కాబట్టి పట్టికకు ముందు ఎన్ని బ్యాచ్‌లు ఆగేవో, తర్వాత ఎన్ని ఆగాయో ఒక్క కాగితం మీద రాసివ్వాలి.

ఆయన నిజంగా మాట్లాడారా? జాబితా వచ్చాక, "నా పేరు మీద ఏ ప్రశ్న వచ్చింది సార్?" అని అడగండి. మాట్లాడినవారు మీటింగ్ గుట్టు విప్పకుండానే మీకు తగిలిన అభ్యంతరాన్ని సూటిగా చెబుతారు. "చూద్దాంలే, నీకు మంచే జరుగుతది" అంటే ఆయన ఇంకా మెంటరే.